మెలకువగా ఉన్నంత మాత్రాన మత్తు దిగినట్టు కాదు

విశాఖ సాగర తీరంలో శనివారం రాత్రి కుర్రాళ్లు గుంపుగా కూర్చున్న చోట ఇప్పుడు ఒక జత తరచుగా కనిపిస్తోంది: క్వార్టర్ సీసా, దాని పక్కన ఎనర్జీ డ్రింకు. ఒకప్పుడు సోడాయో, కూల్‌డ్రింకో కలుపుకున్నవారు దీనికి మారడానికి రుచి కొంత కారణం కావచ్చు గానీ, అసలు కారణం వారే చెబుతారు. ఇది కలిపితే నిద్ర రాదట, ఎంత తాగినా స్టడీగా ఉండవచ్చట. ఈ మాటలో మొదటి సగం చాలావరకు నిజం. ఆ నిజాన్ని నమ్ముకుని రెండో సగాన్ని కూడా నమ్మేయడమే ప్రాణాల మీదికి తెస్తోంది.

మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర తెప్పిస్తుంది. మద్యం దాని ప్రభావాన్ని మరింత పెంచుతుంది. తాగినవారికి కళ్లు వాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అడెనోసిన్ అతుక్కోవలసిన గ్రాహకాలను ఎనర్జీ డ్రింకులోని కెఫీన్ ఆక్రమిస్తుంది కాబట్టి ఆ మగత తగ్గుతుంది. అయితే మద్యం పని అడెనోసిన్‌తో ఆగదు. గాబా, గ్లూటమేట్ అనే ఇతర రసాయన సంకేతాల ద్వారా అది చూపుకూ చేతికీ మధ్య ఉండే పొందికను, ప్రమాదాన్ని అంచనా వేసే విచక్షణను దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని కెఫీన్ సరిచేయలేదు. కాలేయం మద్యాన్ని విరగ్గొట్టే వేగాన్నీ అది పెంచదు. అంటే కునుకు మాత్రమే పోయింది, మత్తు అలాగే ఉంది.

2006లో బ్రెజిల్ పరిశోధకులు 26 మంది యువకుల మీద చేసిన ప్రయోగం ఈ తేడాను స్పష్టంగా చూపింది. మద్యంతో పాటు ఎనర్జీ డ్రింకు తాగినప్పుడు తలనొప్పి, నీరసం, నోరు ఎండడం, కాళ్లూ చేతులూ తడబడడం తక్కువగా ఉన్నాయని వారు చెప్పారు. పరీక్షించి చూస్తే మాత్రం కదలికల్లో పొందిక, కంటికి కనబడినదానికి స్పందించే వేగం ఏమాత్రం మెరుగుపడలేదు. ఊపిరిలో మద్యం మోతాదు కూడా తగ్గలేదు.

దీన్ని మన ఊరి లెక్కలో చూద్దాం. 65 కిలోల బరువున్న యువకుడు రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి 11కల్లా ఒక క్వార్టర్ విస్కీ, రెండు 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులు తాగాడనుకుందాం. మన దగ్గర అమ్మే విస్కీలో ఆల్కహాలు 42.8 శాతం, 180 మిల్లీలీటర్లలో సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ సూత్రం ప్రకారం లెక్కించి, ఆ రెండు గంటల్లో ఒంట్లో కరిగిపోయినది తీసేస్తే, 11 గంటలకు అతని రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు దాదాపు 105 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కడుపు నిండా తిన్నవారిలో కొంత తగ్గవచ్చు, మనిషిని బట్టీ మారవచ్చు. ఇది అంచనా మాత్రమే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను అనుమతించే పరిమితి 30. అంటే ఇతను దానికి మూడు రెట్లు దాటిపోయాడు.

ఇక కెఫీన్ సంగతి. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ ఉండకూడదు, కాబట్టి రెండింటిలో కలిపి 150 మిల్లీగ్రాముల దాకా అతని ఒంట్లోకి చేరవచ్చు. కునుకు ఎగిరిపోవడానికి అది చాలు. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రక్తంలో ఆల్కహాలేమో గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున తరుగుతుంది. ఆ లెక్కన ఇతను పరిమితి లోపలికి వచ్చేసరికి తెల్లవారుజాము 4 అవుతుంది, పూర్తిగా పోయేసరికి 6. కానీ రాత్రి 11 గంటలకు అతని మాట చురుగ్గానే ఉంటుంది, నడక కూడా మరీ తూలుతున్నట్టు కనిపించకపోవచ్చు. "నాకేటవ్వలేదు, బండి నేనే తీత్తాను" అంటాడు. అబద్ధం ఆడడం లేదు. అతనికి నిజంగానే అలా అనిపిస్తోంది, అందుకే పక్కనున్న మిత్రుడు కూడా నమ్ముతాడు.

అక్కడి నుంచి భీమిలి వైపు బండి తిప్పితే, కైలాసగిరి మలుపుల దగ్గర గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి చేయి వెళ్లడం అర సెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు అదనం. రోడ్డు దాటుతున్న మనిషి ఆ ఎనిమిది మీటర్లలోనే ఉండవచ్చు. కెఫీన్ లేకపోతే ఇదే కుర్రాడు ఇసుకలోనే పడి నిద్రపోయేవాడేమో. ఆ మగత అతనికి పెద్ద రక్ష, దాన్నే డబ్బు పెట్టి మరీ తొలగించుకున్నాడు.

సముద్రం విషయంలోనూ ఇంతే. రుషికొండ, యారాడ తీరాల్లో ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయని విశాఖలో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. మగతతో తూలుతున్నవాణ్ణి స్నేహితులు నీళ్లలోకి దిగనివ్వరు. హుషారుగా ఉన్నవాణ్ణి ఎవరూ ఆపరు, పైగా అతని వెంట మరో ఇద్దరు దిగుతారు.

2010లో ప్రచురితమైన ఒక అమెరికా క్షేత్ర అధ్యయనం రాత్రి బార్ల నుంచి బయటికి వస్తున్న సుమారు 800 మందిని అక్కడికక్కడే పరీక్షించింది. రెండూ కలిపి తాగినవారు బాగా మత్తులో బయటపడే అవకాశం మూడు రెట్లు, బండి నడుపుతామని చెప్పే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అయితే సాహసాలంటే ఇష్టపడేవారే ఇలాంటి మిశ్రమాన్ని కోరుకుంటారు కాబట్టి, ఆ తేడా అంతటికీ కెఫీనే కారణమని చెప్పడం సరికాదు. తర్వాత వచ్చిన కొన్ని సమీక్షలు, తాము ఎంత మత్తులో ఉన్నామనే అంచనా కెఫీన్ వల్ల పెద్దగా మారడం లేదని కూడా వాదించాయి. ఈ అభ్యంతరాలకు విలువ ఉంది. కానీ మగత తగ్గుతుందన్న విషయాన్నీ, బండి నడిపే సామర్థ్యం తిరిగి రాదన్న విషయాన్నీ అవి కాదనవు. నా వాదనకు ఆ రెండూ చాలు.

కెఫీన్, మద్యం ముందే కలిపి డబ్బాల్లో అమ్మిన నాలుగు కంపెనీలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010 నవంబరులో హెచ్చరిక లేఖలు పంపింది. ఆ సరుకు మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇక్కడ కలిపేది తాగేవాడి చెయ్యే గనుక అలాంటి చర్యతో పని జరగదు. ఎనర్జీ డ్రింకు డబ్బా మీద మద్యంతో కలపరాదన్న హెచ్చరిక కెనడాలో తప్పనిసరి. మన డబ్బాల మీద దాన్ని తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాలి. బార్లూ పర్మిట్ రూములూ ఆ రెండింటినీ జతగా అందించడం మానాలి.

అవగాహన ప్రచారంలోనూ ఒక మార్పు అవసరం. "మత్తులో ఉంటే బండి నడపొద్దు" అన్న మాట, తన మత్తు తనకు తెలియనివాడి దగ్గర పని చేయదు. అతన్ని అడగవలసింది ఎలా ఉన్నావని కాదు, ఎంత తాగావు, ఎప్పుడు మొదలుపెట్టావు అని. క్వార్టర్ పూర్తయిందంటే, మనిషి ఎంత హుషారుగా కనిపించినా, ఆ రాత్రికి తాళాలు అతని చేతికి ఇవ్వకూడదు. మొదటి గ్లాసు పోయకముందే వాటిని తాగనివాడి జేబులో పెట్టించగలిగితే ఇంకా మేలు. తాగినవాడు పిలిచినా పలకకుండా, ఊపిరి నెమ్మదిస్తూ పడి ఉంటే, మళ్లీ లేపడానికి ఇంకో డబ్బా తాగించకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.