గులాబీ రంగు కనిపిస్తే గులాబీ అనే రాయాలి

ఈ మధ్యాహ్నం ఒక విద్యార్థిని మైక్రోబయాలజీ ప్రాక్టికల్ రికార్డులో, బాక్టీరియాకు రంగులు పట్టించి చూసే గ్రామ్ స్టెయినింగ్ పరీక్ష కింద, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన పేజీ చూశాను. ఇంటికి వచ్చి మూడు గంటలైనా నా కోపం చల్లారలేదు. ఆ పేజీలో ఆ అమ్మాయి రాసింది ఇది: "కడ్డీ ఆకారపు కణాలు. ఎక్కువ భాగం గులాబీ రంగు, కొన్ని ఊదా రంగు. చాలా కణాల మధ్యలో రంగు అంటని కోడిగుడ్డు ఆకారపు ఖాళీ ఉంది." దాని మీద గీత కొట్టి, పక్కన "బాసిల్లస్ సబ్టిలిస్ గ్రామ్ పాజిటివ్. ఊదా రంగు. మాన్యువల్ చూసి మళ్లీ రాయి" అని రాశారు. మార్కు సున్నా.

మాన్యువల్ చూసి రాయడానికి సూక్ష్మదర్శిని ఎందుకు? నూనె చుక్క వేసి, 100ఎక్స్ లెన్సు దించి, కళ్లు నొప్పి పుట్టేదాకా వెతకడం ఎందుకు? పుస్తకంలోని పట్టికను నకలు చేయించడమే పాఠమైతే ఆ స్లైడు తడపకుండానే పని అయిపోయేది.

నేను ఆ స్లైడు తీయించి స్వయంగా చూశాను. అమ్మాయి రాసిన ప్రతి మాటా నిజం. అంతకన్నా పెద్ద సంగతి, తను అదే స్లైడు మీద ఒక చివర స్టెఫైలోకాకస్ ఆరియస్, మరో చివర ఈ. కొలై స్మియర్లు కూడా వేసుకుంది. ఒకటి చక్కటి ఊదా రంగు గుత్తులు, మరొకటి గులాబీ కడ్డీలు. మొదటిది పాజిటివ్, రెండోది నెగటివ్, రెండూ ఉండవలసిన రంగుల్లోనే ఉన్నాయి. దీని అర్థం దిద్దినవారికి తెలియాలి కదా! ఆల్కహాల్ ఎక్కువసేపు పోసి రంగు కడిగేసి ఉంటే స్టెఫైలోకాకస్ కూడా గులాబీ అయ్యేది. తక్కువసేపు పోసి ఉంటే ఈ. కొలై ఊదాగా మిగిలేది. రెండూ సరిగ్గా వచ్చాయంటే ఆ అమ్మాయి చేతిలో తప్పు లేదు. మధ్యలో ఉన్న బాసిల్లస్ గులాబీగా కనిపించడానికి కారణం ఆ బాక్టీరియాను పెంచి ఇచ్చిన కల్చర్‌లోనే ఉండాలి.

ఆ కల్చర్ పెరిగిన స్లాంటు గొట్టం మీద అంటించిన చీటీ చూశాను. నాలుగు రోజుల కిందటి తేదీ. నాలుగు రోజులుగా 37 డిగ్రీల ఇంక్యుబేటరులోనే ఉంది. అప్పుడు నా కోపం రెట్టింపయింది. ముసలి కల్చర్ ఇచ్చింది మనం, సున్నా పడింది పిల్లకు.

గ్రామ్ స్టెయినింగ్‌లో రంగులు ఏం చేస్తాయో ఒకసారి ఆలోచించండి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం. ఇంతవరకు పాజిటివ్, నెగటివ్ అన్న తేడా లేదు, స్లైడు మీది కణాలన్నీ ఊదా రంగే. కణం లోపల రంగు, అయోడిన్ కలిసి పెద్ద సముదాయాలుగా మారతాయి. తేడా తేలేది ఆల్కహాల్ పోసిన ఆ కొద్ది సెకన్లలోనే. మందమైన పెప్టిడోగ్లైకాన్ గోడ ఉన్న పాజిటివ్ కణంలో ఆల్కహాల్ నీటిని లాగేస్తుంది, గోడ బిగుసుకుపోతుంది, లోపలి రంగు బయటికి రాలేదు. గోడ పలచగా ఉండి, దాని మీద కొవ్వు పొర ఉన్న నెగటివ్ కణంలో ఆ పొర చెదిరిపోయి రంగు కారిపోతుంది. అలా ఖాళీ అయిన కణమే తరువాత సఫ్రనిన్‌తో గులాబీగా కనిపిస్తుంది. అంటే ఈ పరీక్ష బాక్టీరియా పేరును చూపించదు. ఆల్కహాల్ తగిలిన క్షణంలో ఆ గోడ రంగును పట్టి ఉంచగలిగిందా లేదా అన్నదొక్కటే చూపిస్తుంది.

ఆ గోడ ఎప్పుడూ ఒకేలా ఉండదు. చురుకుగా విభజన జరుగుతున్న కణం గోడను కట్టుకుంటూనే ఉంటుంది. ఆహారం అయిపోయి స్థిర దశలోకి వెళ్లాక ఆ నిర్మాణం మందగిస్తుంది. కణంలోని ఎంజైములే గోడను అక్కడక్కడా కోసేస్తాయి. చనిపోయిన కణాల గోడలకు చిల్లులు పడతాయి. బాసిల్లస్, క్లాస్ట్రిడియం వంటి వాటిలో కల్చర్ వయసు పెరిగేకొద్దీ గోడ పలచబడి గులాబీ కణాల సంఖ్య పెరగడం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఎప్పుడో తేల్చిన సంగతి. అందుకే ఈ పరీక్షకు 18 నుంచి 24 గంటల లోపు కల్చర్ వాడమంటారు. మా మాన్యువల్‌లోనూ ఆ మాట ఉంది, కానీ "కావలసిన సామగ్రి" కింద చిన్న అక్షరాల్లో. ఫలితాల పట్టికలో లేదు. పట్టిక చదివేవారు సామగ్రి పేజీ వెనక్కి తిప్పరు, దిద్దేవారు అసలే తిప్పరు.

ఇంకొకటి కూడా ఆ పట్టికలో ఉండాలి. కల్చర్ ముసలిదైతే తప్పు ఒక దిక్కుకే జరుగుతుంది: పాజిటివ్ కణం నెగటివ్‌గా కనిపిస్తుంది. ఈ. కొలై ఎంత ముసలిదైనా ఆ కారణంగా ఊదా రంగుకు మారదు. నెగటివ్ కణం ఊదాగా కనిపించిందంటే స్మియర్ మందంగా వేశారనో, ఆల్కహాల్ సరిపోలేదనో అనుమానించాలి. ఈ రెండు వాక్యాలు చాలు, పిల్లలు తమ స్లైడును తామే తప్పుపట్టుకోగలుగుతారు.

ఆ రంగు అంటని ఖాళీల సంగతి మరీ బాధ కలిగించింది. అవి ఎండోస్పోర్లు. గట్టి పొరలున్న స్పోరులోకి మామూలు రంగులు చొరబడలేవు, అందుకే గ్రామ్ స్టెయినింగ్‌లో అది ఖాళీగా కనిపిస్తుంది. మాలకైట్ గ్రీన్‌ను ఆవిరి పట్టించి ఎక్కిస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. బాసిల్లస్ స్పోర్లను ఎప్పుడు తయారుచేస్తుంది? ఆహారం తరిగిపోయి, పెరుగుదల ఆగే వేళ. అంటే ఆ కల్చర్ స్థిర దశ దాటిందని చెప్పే సాక్ష్యాన్ని ఆ అమ్మాయి తన కంటితో చూసి, తన చేత్తో రాసింది. గులాబీ రంగుకు కారణం ఆ పక్క వాక్యంలోనే ఉంది. దాని మీదే ఎర్ర గీత పడింది.

నేను అడిగితే ఆ అమ్మాయి నెమ్మదిగా, "మేడమ్, నాకు కనిపించింది అదే. మార్చి రాయమంటే రాస్తాను" అంది. ఆ రెండో వాక్యం నన్ను పొడిచింది, ఎందుకంటే పాతికేళ్ల కిందట నేనూ అలాగే అన్నాను, అలాగే రాశాను.

మాకు అప్పట్లో పెరుగుదల వక్రరేఖ ప్రయోగం ఉండేది. మాన్యువల్‌లో నున్నగా గీసిన బొమ్మ: ల్యాగ్ దశ, లాగ్ దశ, స్థిర దశ, ఆ తరువాత కిందికి దిగే మరణ దశ. మేము కొలిచింది మాత్రం స్పెక్ట్రోఫోటోమీటరులో 600 నానోమీటర్ల దగ్గర ఓ.డి. అది ద్రవం ఎంత మసకబారిందో చెబుతుంది, అంతే. చచ్చిన కణమూ బతికిన కణంలాగే కాంతిని చెదరగొడుతుంది. కణాలు పగిలి కరిగిపోతే తప్ప ఆ అంకె దిగదు. బతికున్నవి ఎన్నో తెలియాలంటే పలచన చేసి ప్లేటు మీద పరిచి, 30 నుంచి 300 కాలనీలు వచ్చిన ప్లేటును లెక్కించాలి. మాకు ఆ పని చేయించలేదు. నా అంకెలు 1.2 దగ్గర ఆగి, మర్నాడు కూడా అక్కడే ఉన్నాయి. "మరణ దశ ఎక్కడ?" అని రికార్డు నా ముందు విసిరేశారు. నేను 1.02 అని, 0.81 అని లేని అంకెలు కల్పించి గీత కిందికి దించాను. పూర్తి మార్కులు వచ్చాయి. ఆ మార్కులు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆ ప్రయోగంలో రెండో తప్పు ఈనాటికీ కొనసాగుతోంది. తరం కాలం, అంటే కణాల సంఖ్య రెట్టింపయ్యే సమయం, లెక్కించడానికి మొదటి అంకె, చివరి అంకె తీసుకోమంటారు. ఒక విద్యార్థి ఈ నెలలో తెచ్చిన అంకెలు చూడండి: మొదట 0.05, అరగంటకు 0.06, గంటకు 0.10, గంటన్నరకు 0.20, రెండు గంటలకు 0.40, రెండున్నరకు 0.75, మూడు గంటలకు 1.20. మొదటి నుంచి చివరికి 24 రెట్లు, అంటే నాలుగున్నర రెట్టింపులకు కాస్త ఎక్కువ. 180 నిమిషాలను దానితో భాగిస్తే 39 నిమిషాలు వస్తుంది. కానీ 0.10 నుంచి 0.40 దాకా చూడండి. గంటలో సరిగ్గా రెండు రెట్టింపులు, తరం కాలం 30 నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కణాలు ఇంకా విభజన మొదలుపెట్టని ల్యాగ్ దశను, వేగం తగ్గుతున్న చివరి భాగాన్ని కలిపి లెక్కించడం వల్ల. పైగా 0.4 దాటాక చాలా పరికరాలు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి, ఆ నమూనాను పలచన చేసి కొలిచి గుణించాలి. లాగరిథమ్ కాగితం మీద అంకెలు పెడితే సరళరేఖగా నిలిచిన ముక్క ఏదో కంటికే తెలుస్తుంది. లెక్క ఆ ముక్కలోనే చేయాలి. మాన్యువల్ మామూలు గ్రాఫు కాగితం ఇస్తుంది, దాని మీద గీత వంకరగా పైకి వెళుతుంది, ఏ ముక్క ఎక్కడ మొదలైందో ఎవరికీ కనిపించదు.

ల్యాగ్ దశ కనిపించలేదని ఇంకొకరిని ప్రయోగం మళ్లీ చేయమన్నారు. ఆ కుర్రవాడు చురుకుగా పెరుగుతున్న కల్చర్‌ను అదే రకం తాజా ద్రవంలో, అదే వేడిమిలో వేశాడు. ఆ కణాలకు అలవాటు పడవలసినదేమీ లేదు, వెంటనే విభజన కొనసాగించాయి. ల్యాగ్ దశ రాకపోవడమే సరైన ఫలితం.

నేటి సంగతికి వస్తే, ఆ రికార్డు నా దగ్గరే ఉంచుకున్నాను. దిద్దిన సహోద్యోగితో మాట్లాడాను. "పరీక్షలో గ్రామ్ నెగటివ్ అని రాస్తే తప్పే కదండీ" అన్నారు. అమ్మాయి గ్రామ్ నెగటివ్ అని ఎక్కడా రాయలేదు! తను చూసిన రంగు రాసింది. చూసినది ఒక గడిలో, కల్చర్ వయసు ఒక గడిలో, నిర్ధారణ మరొక గడిలో రాసే పట్టిక ఇస్తే ఈ తగాదాయే ఉండదు.

సాయంత్రం వచ్చే ముందు అదే బాసిల్లస్‌ను కొత్త స్లాంటు మీద గీసి ఇంక్యుబేటరులో పెట్టాను. చీటీ మీద తేదీతో పాటు గంట కూడా రాశాను: 4.30. రేపు ఉదయం పదిన్నరకు 18 గంటలు అవుతుంది. అప్పుడు ఆ అమ్మాయి, దిద్దిన సహోద్యోగి ఇద్దరూ పాత గొట్టం నుంచి ఒక స్మియర్, కొత్త గొట్టం నుంచి ఒక స్మియర్ ఒకే స్లైడు మీద వేయాలి. సహోద్యోగి వస్తానన్నారు.