సవరణ: అధిక పీడనంలో హైడ్రోజన్ ఘనపరిమాణం

"అణువుల పరిమాణం లెక్కలోకి తీసుకుంటే వాయువు ఘనపరిమాణం తగ్గుతుందన్నారు. మరి హైడ్రోజన్‌కి Z విలువ 1 కంటే ఎక్కువ ఎందుకొస్తుంది?"

తప్పు నాదే. Z అంటే వాయువు అసలు ఘనపరిమాణానికీ, ఆదర్శ ఘనపరిమాణం RT/Pకీ ఉన్న నిష్పత్తి. ఇంతకుముందు 200 atm దగ్గర ఒక మోల్ హైడ్రోజన్‌కి లెక్క వేస్తూ, RT/P నుంచి అణువుల పరిమాణాన్ని సూచించే b తీసేసి 85 మి.లీ. అని రాశాను. b తీసేయాల్సింది పాత్ర ఘనపరిమాణం V నుంచి. అణువులు తిరగడానికి మిగిలే ఖాళీ చోటు V − b, దానికే ఆదర్శ సమీకరణం వర్తిస్తుంది:

P(V − b) = RT, అంటే V = RT/P + b

ఒక మోల్ హైడ్రోజన్‌ని 273 K, 200 atm దగ్గర చూద్దాం. ఆదర్శ విలువ 112 మి.లీ. b 26.6 మి.లీ. కలిపితే 138.6, అంటే Z దాదాపు 1.24. అయితే ఇది కొంచెం ఎక్కువే. అణువుల ఆకర్షణను (a పదం) కూడా చేర్చి వాన్ డర్ వాల్స్ సమీకరణాన్ని సాధిస్తే V సుమారు 131 మి.లీ.కి దిగుతుంది. అయినా ఆదర్శ విలువ కంటే ఎక్కువగానే ఉంటుంది.

1 atm దగ్గరైతే 22,400 మి.లీ.లో ఈ 26.6 లెక్కలోకే రాదు.