పెద్ద సమతలం దొరికిందా? అది గోడ కూడా కావచ్చు

డెప్త్ కెమెరా ఇచ్చే 3డీ పాయింట్ల గుంపులో, అంటే పాయింట్ క్లౌడ్‌లో, నేలను కనిపెట్టడం గురించి ఎవరిని అడిగినా ఒకటే జవాబు: రాన్సాక్ నడిపించు, వచ్చిన పెద్ద సమతలమే నేల. ఈ మాట నమ్మి వారం రోజులు పోగొట్టుకున్నాను. ఆ మంటతోనే రాస్తున్నా.

మా రోబో మీద డెప్త్ కెమెరా నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తులో, దాదాపు ఎదురుగా చూస్తూ ఉంటుంది. రాన్సాక్ ఏదో మూడు పాయింట్లు తీసుకుని వాటి మీదుగా సమతలం వేస్తుంది. దానికి 1 సెంటీమీటర్ థ్రెషోల్డ్ లోపు ఎన్ని పాయింట్లున్నాయో లెక్కపెడుతుంది, అవే దాని ఇన్‌లయర్లు. ఇలా చాలాసార్లు చేసి ఎక్కువ ఓట్లొచ్చిన దాన్ని గెలిపిస్తుంది. ఎదురుగా గోడ ఉంటే ఓట్లన్నీ గోడకే! నేలనుకుని గోడను తీసేశాం. మిగిలిన నేల వస్తువులన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసింది.

దీనికి మందు, పైదిక్కు ఎటో దానికి చెప్పడం. కెమెరాలో యాక్సిలరోమీటర్ ఉంటే అదే చెబుతుంది. పాయింట్ క్లౌడ్ లైబ్రరీ పీసీఎల్‌లో ఇలా:

```cpp
seg.setModelType(pcl::SACMODEL_PERPENDICULAR_PLANE);
seg.setAxis(up);
seg.setEpsAngle(0.17f);
```

ఆ కోణం రేడియన్లలో ఉండాలి, 0.17 అంటే దాదాపు 10 డిగ్రీలు. నేను డిగ్రీలనుకుని 10 ఇచ్చాను. ఎర్రర్ రాదు, గోడ మాత్రం మళ్ళీ వస్తుంది. (బల్ల పైభాగం కూడా అడ్డంగానే ఉంటుంది కాబట్టి, కెమెరాకి 60 సెంటీమీటర్ల కిందున్న సమతలమేనా అని కూడా చూడాలి.)

నేల దొరికింది. అయినా 3 మీటర్ల అవతల, ఖాళీ చోట, ఏవో వస్తువులు! సెన్సర్ నాయిస్ అనుకుని దాన్నే తిట్టుకున్నాను. అసలు దోషం వాలుది. కెమెరా దగ్గర పాయింట్లు చిక్కగా ఉంటాయి కాబట్టి ఓట్లు అక్కడే ఎక్కువ. దగ్గరదగ్గరగా ఉన్న మూడు పాయింట్లతో వేసిన సమతలం 1 డిగ్రీ వాలినా అక్కడ బాగానే అతుకుతుంది. 3 మీటర్లు ముందుకెళ్ళేసరికి మాత్రం 5 సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే నేలే వస్తువై లేచి కూర్చుంటుంది.

గుర్తుపట్టడం తేలికే. దూరాన్ని బట్టి ఎత్తును గీసి చూడండి. నిజమైన వస్తువు ఒక్కసారిగా లేస్తుంది, ఈ దొంగ వస్తువు ర్యాంప్‌లా మెల్లగా ఎక్కుతుంది.

ముందు వాక్సెల్ గ్రిడ్‌తో, అంటే చోటును చిన్న ఘనాలుగా కోసి ఒక్కో ఘనానికి ఒక్క పాయింటే ఉంచి, పాయింట్లను పలచన చేస్తే ఓటు చిక్కదనానికి కాక విస్తీర్ణానికి పడుతుంది. తర్వాత, గెలిచిన సమతలాన్ని దాని ఇన్‌లయర్లన్నిటితో మళ్ళీ సరిచేయాలి, అదే `setOptimizeCoefficients(true)`. ఈ రెండూ చేశాక నా దొంగ వస్తువులు మాయమయ్యాయి.

ఇదంతా వదిలేసి "థ్రెషోల్డ్ 5 సెంటీమీటర్లు పెట్టెయ్, పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళకో దండం. పోతుంది, నిజమే. దాంతోపాటు నేల మీదున్న పుస్తకమూ, చెప్పూ కూడా నేలలో కలిసిపోతాయి. 1 సెంటీమీటర్‌కే పడుకోబెట్టిన ఫోన్ కనిపించదు. రోబో దాని మీదుగా వెళ్ళిపోతుంది, ఆ ఫోన్ నాది.