షానె నుజూల్ పేరుతో ఆయతును కుదించకండి

ఒక ఆయతు చర్చకు రాగానే ఎవరో ఒకరు ‘దాని షానె నుజూల్, అంటే అది దిగిన సందర్భం వేరు, అది ఆనాటి వాళ్లకే’ అనేసి చర్చ ముగిస్తారు. ఇంకొకరు ఎక్కడో విన్న కథను నేపథ్యంగా తగిలించి, ఆయతులో లేని అర్థాన్ని అందులోకి చొప్పిస్తారు. రెండూ తప్పే. అవతరణ సందర్భం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగాలో ఉలమా ఎప్పుడో గీత గీశారు. ఆ గీత స్పష్టంగా కనిపించే చోటు అల్ బఖరా సూరాలోని 158వ ఆయతు.

సఫా, మర్వాలు అల్లాహ్ చిహ్నాలలోనివని, హజ్ లేదా ఉమ్రా చేసేవారు వాటి మధ్య తిరిగితే ‘దోషం లేదు’ అని ఆ ఆయతు అంటుంది. దోషం లేదంటే తిరగకపోయినా ఫరవాలేదనే కదా? సరిగ్గా ఇలాగే అనుకున్నాడు ఉర్వా ఇబ్నె జుబైర్. ఆయన హజ్రత్ ఆయిషా (రజి) అక్క కొడుకు, అప్పటికి చిన్న వయసు. బుఖారీలో ఈ సంభాషణ ఉంది. ఆమె ఒప్పుకోలేదు. నువ్వన్నదే అర్థమైతే ‘తిరగకపోతే దోషం లేదు’ అని ఉండాలి కదా అన్నారు. ఆ తర్వాత సందర్భం చెప్పారు. ఇస్లాంకు ముందు అన్సార్లు ముషల్లల్ దగ్గరున్న మనాత్ విగ్రహం పేరిట ఇహ్రామ్ కట్టేవారు, సఫా మర్వాల మధ్య తిరగడం వారికి తప్పనిపించేది. ముస్లింలయ్యాక ఆ సంకోచంతోనే ప్రవక్త (స)ను అడిగారు. ‘దోషం లేదు’ అన్నది ఆ సంకోచానికి జవాబు.

ఇక్కడ ఆమె ముందు ఆయతు పదాలనే చూపించారు, సందర్భాన్ని ఆ తర్వాతే తెచ్చారు. ఆ మాట ఎందుకలా వచ్చిందో సందర్భం తెలిపింది, అపార్థాన్ని తొలగించింది. అంతే. సఫా మర్వాల మధ్య తిరిగే సయీ తప్పనిసరి అన్న తీర్పు అందులోంచి పుట్టలేదు. దానికి ఆమె చూపిన ఆధారం వేరు: ప్రవక్త (స) దాన్ని సున్నత్‌గా స్థాపించారు, కనుక ఎవరూ వదలకూడదు అన్నారు. అందుకే ఈ నేపథ్యం తెలిసిన ఇమాములు కూడా సయీ స్థాయి విషయంలో వేరుపడ్డారు. మాలికీ, షాఫయీలకు అది రుక్న్, అది లేకుండా హజ్ పూర్తికాదు. హనఫీలకు వాజిబ్, వదిలేస్తే బలి ఇచ్చి ఆ లోటు తీర్చుకోవచ్చు. నేపథ్యం ఒక్కటే తీర్పు చెప్పేదైతే ఈ తేడాయే ఉండేది కాదు.

ఆ హదీసులోనే ఇంకో భాగం ఉంది, దాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. ఈ మాట విన్న మదీనా పండితుడు అబూబక్ర్ ఇబ్నె అబ్దుర్రహ్మాన్, తాను పండితుల నోట మరో సందర్భం విన్నానన్నారు. అజ్ఞాన కాలంలో సఫా మర్వాల మధ్య తిరిగినవాళ్లే, ఇస్లాం వచ్చాక తిరగవచ్చో లేదో అని వెనకాడారట. రెండింట్లో ఒకటి అబద్ధమని ఆయన కొట్టేయలేదు, ఆయతు రెండు వర్గాల గురించీ దిగిందని సమన్వయించారు. ఒక ఆయతుకు రెండు సందర్భాలు కనబడగానే కంగారుపడేవాళ్లు ఇది చదవాలి.

ఇక ‘ఆనాటి వాళ్లకే’ అనే వాదన. ధర్మశాస్త్ర మూలసూత్రాలు చర్చించే ఉసూల్ పండితుల్లో అధిక సంఖ్యాకుల నియమం ఇది: లెక్కలోకి వచ్చేది పదాల వ్యాపకత్వం, సందర్భపు ప్రత్యేకత కాదు. భార్యను తల్లితో పోల్చి దూరం పెట్టే జిహార్ గురించిన ఆయతులు ఔస్ ఇబ్నె సామిత్ తన భార్య ఖౌలాతో అన్న మాట మీద దిగాయి. పరిహారం మాత్రం ఆ మాట అన్న ప్రతి భర్తకూ ఉంది: బానిస విముక్తి, అది కుదరకపోతే వరుసగా 2 నెలల ఉపవాసం, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు అన్నం. ఈ నియమాన్ని ఒప్పుకోని కొద్దిమంది కూడా తీర్పును ఔస్ దగ్గర ఆపలేదు, పోలికను బట్టి తీర్పు చెప్పే ఖియాస్ ద్వారా మిగతావారికి వర్తింపజేశారు. ఆయతు ఫలానా మనిషితోనే ముగిసిపోయిందని ఏ ముస్లిం పండితుడూ అనలేదని ఇబ్నె తైమియ్యా రాశారు.

నేపథ్యం చెప్పేవారిని అడగాల్సింది ఒకటుంది: ఎవరి ఉల్లేఖనం, ఏ మాటలతో? అవతరణను కళ్లారా చూసినవారి నుంచి వచ్చిన రివాయత్ లేకుండా ఈ విషయంలో మాట్లాడటం ధర్మసమ్మతం కాదన్నారు అవతరణ సందర్భాలపై గ్రంథం రాసిన వాహిదీ. ‘ఇలా జరిగింది, అప్పుడు ఆయతు దిగింది’ అని సహాబీ చెబితే అది సందర్భం. ‘ఫలానా దాని గురించి దిగింది’ అన్నంత మాత్రాన అది సందర్భమే కానక్కర్లేదు. ఆ విషయం కూడా ఆయతు పరిధిలోకి వస్తుందని చెప్పడానికీ ఆ మాట వాడేవారు. ఇంత కచ్చితంగా ఉన్న వాహిదీని కూడా తర్వాతి కాలపు ఖుర్ఆన్ పండితుడు సుయూతీ వదల్లేదు. ఫీల్ సూరాకు అబ్రహా ఏనుగుల దండయాత్రను సందర్భంగా రాయడాన్ని తప్పుపట్టారు. ఆ దండయాత్ర ప్రవక్త (స)కు వహీ రావడానికి ఎన్నో ఏళ్ల ముందు జరిగింది. అది సూరా చెప్పే చరిత్రే తప్ప సూరా దిగిన సందర్భం కాదు.