"కిస్తీ కట్టకండి" అన్న సందేశానికి జవాబు

"అక్కలారా, డ్వాక్రా లోను కిస్తీలు కట్టకండి, ఎలాగూ మాఫీ అవుతుంది. కట్టకపోతే సంఘానికే చెడ్డపేరు, మీకేం కాదు. బ్యాంకు రూపాయి వడ్డీ గుంజుతోంది. పొదుపు కూడా పట్టేసుకుంటుంది. గేదె కొన్నవాళ్ళెవరూ బాగుపడలేదు. పదిమందికి పంపండి."

చీపురుపల్లి వైపు ఒక సంఘానికి పుస్తకాలు రాసే నాకు ఈ సందేశం ఈ వారంలో ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు మా సభ్యులే.

పొదుపు ఖాతాను రుణానికి తాకట్టుగా పట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది కనుక ఆ సంగతి అక్కడితో సరి.

రూపాయి వడ్డీ మాట నిజమే అనుకుందాం. అరవై వేలకు మొదటి నెల వడ్డీ ఆరు వందలు. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గి, 36 నెలలకు మొత్తం వడ్డీ పన్నెండు వేల లోపే అవుతుంది. ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అసలు తీర్చకుండా కూర్చుంటే, ఆ పన్నెండు వేలూ ఏడు నెలల్లోనే వడ్డీకి పోతాయి. ఈ లెక్క మాత్రం ఎవరూ పదిమందికి పంపరు.

ఇక "మీకేం కాదు" అన్నది. పదిమంది తలా అరవై వేలు తీసుకుంటే బ్యాంకులో ఖాతా ఒక్కటే, నెల కిస్తీ 19,930. అందులో ఒకరి 1,993 తగ్గినా ఓవర్‌డ్యూ పడేది పదిమందికీ. సకాలంలో కట్టినవారికి వడ్డీ రాయితీ ఏదైనా ఉంటే అది పోతుంది, బ్యాంకు నుంచి తరువాతి రుణం ఆగుతుంది. బాకీ తొంభై రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది. సందేశం రాసిన మహానుభావుడు అప్పుడు వచ్చి మేనేజరుగారి ఎదుట కూర్చుంటాడేమో తెలియదు.

మాఫీ విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. 2019 ఏప్రిల్ 11 నాటికి బ్యాంకులో బాకీ ఉన్న సంఘాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వైఎస్సార్ ఆసరా సొమ్ము నాలుగు విడతలుగా వచ్చింది; అంతకు ముందే అప్పంతా తీర్చేసినవారికి రాలేదు, వారి కడుపుమంట న్యాయమైనదే. కానీ చూసింది ఆ రోజున్న నిల్వనే. క్రమంగా కడుతూ ఇంకా బాకీ మిగిలినవారికీ వచ్చింది. ఎగ్గొట్టినవారికే వచ్చిందనడానికి లేదు.

గేదె సంగతిలోనూ సగం నిజముంది. మా సభ్యురాలు ఒకామె అరవై వేలతో పాడిగేదెను కొన్నది. రోజూ అమ్మే ఐదు లీటర్లకు లీటరు యాభై చొప్పున నెలకు 7,500. తవుడు, చెక్క, గడ్డికి నాలుగు వేలు, కిస్తీకి రెండు వేలు పోగా పదిహేను వందలు మిగిలేవి. ఆమె దాన్ని ఖర్చు చేయకుండా ఆరు నెలలు వేరుగా దాచింది, తొమ్మిది వేలయింది. గేదె వట్టిపోయిన మూడు నెలల్లో ఆరు వేలు కిస్తీలకు, మూడు వేలు మేతకు సరిపోయాయి. ఆమె కిస్తీ ఒక్క నెలా తప్పలేదు. అదే రుణం 24 నెలలకు పెట్టి ఉంటే కిస్తీ 2,824 అయ్యేది, నెలకు ఏడు వందల లోపే మిగిలేది, వట్టిపోయిన మొదటి నెల దాటగానే ఓవర్‌డ్యూ వచ్చేది. అందుకే రుణ ప్రణాళిక రాసేటప్పుడు గేదె ఎప్పుడు ఈనింది, ఎన్ని నెలలు పాలిస్తుంది అని నేను అడుగుతాను. "అవన్నీ ఎందుకమ్మా" అని నామీద విసుక్కునేవారూ ఉన్నారు.