నిఘంటువుల కింద ఛార్జర్లు

స్ప్రెడ్‌షీట్‌లో ఖాళీ గడి కనబడితే కొందరికి చెయ్యి దురద పెడుతుంది. మంచివాళ్ళే, పని ఎగ్గొట్టే రకం కూడా కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మా దగ్గర సరుకుల జాబితా ఒకటి ఉంది. ఏ సరుకు ఏ వర్గం కిందికి వస్తుందో బాణం గుర్తులు పెట్టి ఒకే గడిలో రాసేస్తారు. మచ్చుకి నాలుగు వరుసలు, A2 నుంచి A5 దాకా:

```
ఎలక్ట్రానిక్స్ > మొబైల్స్ > యాక్సెసరీలు > ఛార్జర్లు
పుస్తకాలు > నిఘంటువులు
ఫర్నిచర్ > కుర్చీలు > ఆఫీసు కుర్చీలు
గిఫ్ట్ కార్డులు
```

"లెవెల్ వారీగా విడగొట్టి కాలమ్స్‌లో పెట్టవయ్యా, పావుగంట పని" అన్నారు మేనేజర్ గారు. పావుగంట పని అని ఎవరైనా అన్నారంటే, ఆ పని వాళ్ళెప్పుడూ చెయ్యలేదని లెక్క.

ముందు బాణాల సంగతి తేల్చాలి. ఈ జాబితా ఒకరు రాసింది కాదు. ఒకరు `>` కొడితే, ఇంకొకరు `->` కొట్టారు. సౌందర్య దృష్టి ఉన్న మరొకరు ఎక్కడినుంచో `→` తెచ్చి అతికించారు. ఇవన్నీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ` > ` గా మార్చుకోవచ్చు, కంటికి కనబడతాయి కాబట్టి. కనబడనివి ఇంకా ఘోరం. వెబ్ పేజీలోంచి కాపీ చేసిన వరుసల్లో బాణానికి అటూ ఇటూ ఉన్నది మామూలు స్పేస్ కాదు, నాన్‌బ్రేకింగ్ స్పేస్. చూడ్డానికి కవలపిల్లలు, ఎక్సెల్‌కి మాత్రం అపరిచితులు. అలాంటి వరుస విడిపోదు, మొత్తం దారి మొదటి లెవెల్‌లోనే బైఠాయిస్తుంది. `TRIM` దాని జోలికి పోదు. `SUBSTITUTE(A2,UNICHAR(160)," ")` అంటేనే దిగొస్తుంది. విడగొట్టాక మొదటి కాలమ్‌లో `>` ఉన్న గడులను ఫిల్టర్ చేస్తే ఇలాంటివన్నీ దొరికిపోతాయి.

తర్వాత `TEXTSPLIT`. నాలుగు వరుసలనీ ఒకేసారి దానికి అప్పజెబితే ఒక్కో వరుసలో మొదటి ముక్క ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. అందుకని ముందు అన్నీ కలిపి ఒకే తాడు చేసి, మళ్ళీ నిలువునా అడ్డంగా కొయ్యాలి:

```
=TEXTSPLIT(TEXTJOIN("|",FALSE,A2:A5)," > ","|",,,"")
```

చివర్లో ఉన్న ఆ ఉత్త కోట్స్ జత మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. అది లేకపోతే పొట్టి దారుల పక్కన మిగిలిన గడులన్నిట్లో `#N/A` దిగుతుంది. మొదటిసారి అలా దిగిన షీటే మేనేజర్ గారి కంట పడింది. "సగం షీటు ఎర్రర్లేనా?" అని ఆయనకి టెన్షన్. ఎర్రర్లు కావు సార్, అక్కడ దారి అయిపోయిందంతే అన్నాను. "అయిపోతే అయిపోయినట్టు ఉండాలి గానీ ఎర్రర్‌లా ఎందుకుంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కోట్స్ పెట్టగానే `#N/A`లన్నీ మాయమై ఖాళీలు మిగిలాయి. (ఈ తాడు చేసే పద్ధతి చిన్న జాబితాలకే. కలిపిన తాడు 32,767 అక్షరాలు దాటితే `TEXTJOIN` చేతులెత్తేస్తుంది, అప్పుడు ముక్కలుగా చెయ్యాల్సిందే.)

ఇక్కడితో పని అయిపోయింది. సీఎస్వీగా సేవ్ చేసి మేనేజర్ గారికీ, పక్క సీటు పెద్దాయనకీ పంపించాను.

పెద్దాయన ఫైలు తెరిచారు. లెవెల్ 3, లెవెల్ 4 కాలమ్స్ నిండా ఖాళీలు. "పాపం, కుర్రాడు హడావుడిలో వదిలేసుంటాడు" అనుకున్నారు. ఆయనకి ఎక్సెల్‌లో ఒక పట్టు ఉంది: టేబుల్ అంతా సెలెక్ట్ చేసి, గో టు స్పెషల్‌లో బ్లాంక్స్ ఎంచుకుని, పై గడిని చూపిస్తూ ఒక ఫార్ములా కొట్టి, కంట్రోల్ ఎంటర్. ఖాళీలన్నీ తమ పైనున్న విలువతో టకటకా నిండిపోతాయి. పై వరుసలో పేరు ఒక్కసారి రాసి కింద ఖాళీ వదిలేసే రిపోర్టులకి అది దివ్యమైన మందు. ఫార్ములా ఉన్న నా షీటునే కనక పంపి ఉంటే ఆ మందు పనిచేసేది కాదు, ఫార్ములా ఇచ్చే ఉత్త కోట్స్‌ని ఎక్సెల్ ఖాళీ కింద జమకట్టదు కాబట్టి. కానీ సీఎస్వీలోకి వెళ్ళేసరికి అవి నిజంగానే ఖాళీలైపోయాయి.

ఫలితం ఇది:

```
ఎలక్ట్రానిక్స్ | మొబైల్స్ | యాక్సెసరీలు | ఛార్జర్లు
పుస్తకాలు | నిఘంటువులు | యాక్సెసరీలు | ఛార్జర్లు
ఫర్నిచర్ | కుర్చీలు | ఆఫీసు కుర్చీలు | ఛార్జర్లు
గిఫ్ట్ కార్డులు | కుర్చీలు | ఆఫీసు కుర్చీలు | ఛార్జర్లు
```

నిఘంటువుని కూడా ఛార్జింగ్ పెట్టుకోవాల్సిన కాలం వచ్చిందన్నమాట. గిఫ్ట్ కార్డు ఏమో కుర్చీల్లో ఒక రకమై కూర్చుంది. లెవెల్ 4 మీద పివట్ వేసి చూసిన మేనేజర్ గారు, "మనం ఛార్జర్లు తప్ప ఇంకేమీ అమ్మడం లేదేమిటయ్యా?" అన్నారు. పెద్దాయన పక్కనుంచి నెమ్మదిగా, "ఖాళీలుంటే నేనే సరిచేశానండీ" అన్నారు. ఆ గొంతులో నూటికి నూరుపాళ్ళూ సేవాభావమే. ఏమనగలం?

ఇలాంటి సేవ జరిగిందో లేదో కనిపెట్టడానికి ఒక మార్గముంది. విడగొట్టిన ముక్కలు B నుంచి E దాకా ఉన్నాయనుకుంటే, వాటిని తిరిగి అతికించి, మొదటి దారితో పోల్చడమే:

```
=TEXTJOIN(" > ",TRUE,B2:E2)=A2
```

ఆ `TRUE` ఖాళీలను దాటేస్తుంది. పెద్దాయన ఫైల్లో మొదటి వరుస ఒక్కటే పాసైంది, మిగతా మూడూ `FALSE`. బాణం తర్వాత ఏమీ రాయకుండా వదిలేసిన దారులు కూడా దీనికే దొరుకుతాయి. ఆ చెకింగ్ కాలమ్ చూపించాక పెద్దాయన ఒప్పుకున్నారు గానీ, "కనీసం 'లేదు' అని రాద్దామయ్యా, మరీ బోసిగా ఉంది" అన్నారు. రాస్తే పివట్‌లో 'లేదు' అనేదే అన్నిటికన్నా పెద్ద వర్గమై కూర్చుంటుందని నచ్చజెప్పడానికి టీ టైమంతా పట్టింది.

అంతలో మేనేజర్ గారికి ఇంకో ఆలోచన. "అందరి చివరి వర్గమూ చివరి కాలమ్‌లోనే వచ్చేట్టు చెయ్యి. ఖాళీలు ఎడమ పక్కకి నెట్టెయ్." అలా నెడితే గిఫ్ట్ కార్డులు లెవెల్ 4లో తేలతాయి, పుస్తకాలు లెవెల్ 3లో. లెవెల్ అన్న మాటకి అర్థమే ఉండదు. ఇందులో అసలు ప్రమాదం, నేను అంత గొప్పగా చూపించిన చెకింగ్ ఫార్ములా దీన్ని పట్టుకోలేదు. ఖాళీ ఎడమనున్నా కుడినున్నా దాటేసి పోతుంది, అన్నిటికీ `TRUE` అంటుంది. లెవెల్ 1 కాలమ్‌లో ఒక్క ఖాళీ కూడా ఉండకూడదని విడిగా చూసుకోవాల్సిందే.

ఆయనకి కావలసింది చివరి వర్గమే గనక, లెవెల్స్ జోలికి పోకుండా పక్కన ఇంకో కాలమ్ పెట్టిచ్చాను:

```
=TEXTAFTER(A2," > ",-1,,,A2)
```

చివరి బాణం తర్వాత ఉన్నది తెస్తుంది. బాణమే లేకపోతే ఉన్నదున్నట్టు ఇస్తుంది, కాబట్టి గిఫ్ట్ కార్డులు గిఫ్ట్ కార్డులుగానే ఉంటాయి.

మేనేజర్ గారు కాసేపు స్క్రీన్ వంక చూసి, "గిఫ్ట్ కార్డులు లెవెల్ 1లోనూ ఉన్నాయి, చివరి వర్గంలోనూ ఉన్నాయి. రెండుసార్లు లెక్కకి రావూ?" అన్నారు.

"రెండు కాలమ్స్ లెక్కలూ కలిపి కూడితే తప్ప రావండీ" అన్నాను.

ఆయన అప్పటికే కూడేసి, పైకి మెయిల్ కూడా పంపేశారు.