అరవై మందిలో నా వంతు ఎంత?

కడపలో ఏ జూనియర్ కాలేజీలోనైనా జరగగల సంగతి ఒకటి ఊహించి చూద్దాం. ముద్దనూరు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అబ్బాయి, ఫిజిక్స్ క్లాసులో లేచి "సార్, ఇంగో తూరి సెప్పండి" అన్నాడు. వెనక బెంచీలో ఒకడు దాన్ని దొంగచాటుగా ఫోన్లో తీశాడు. ఇంకొకడు ఆ ముఖాన్ని కత్తిరించి, కింద ఆ మాటే రాసి స్టిక్కర్ చేశాడు. లెక్చరర్లు లేని క్లాస్ వాట్సాప్ గ్రూపులో అరవై మంది ఉన్నారు. పది మంది ఆ స్టిక్కర్‌ను తిప్పి తిప్పి వాడారు, ఇరవై మంది నవ్వే ఎమోజీలు పెట్టారు, మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. ఆ అబ్బాయి క్లాసులో డౌట్లు అడగడం మానేశాడు.

ఇక్కడ నేరం ఏదీ అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఐటీ చట్టంలో ఒకప్పుడు 66ఎ అనే సెక్షన్ ఉండేది. ఎదుటివారికి చిరాకు, ఇబ్బంది కలిగించే సందేశాలకు సైతం మూడేళ్ల జైలు వేయవచ్చన్న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. సరైన పనే చేసిందని మేము నమ్ముతున్నాం. ఎగతాళికల్లా పోలీసులు రాకూడదు. ఆడపిల్ల ఫొటోను మార్ఫింగ్ చేసి అసభ్యంగా పెడితే సంగతి వేరు, అది నేరమే. కానీ ఈ స్టిక్కర్‌కు కేసు ఉండకపోవచ్చు. పోలీసు అడగని ప్రశ్నను ఆ అరవై మందిలో ఎవరికి వారే వేసుకోవాలి.

అందరూ చెప్పే జవాబు "నేను ఒక్కసారే పంపాను" అన్నది. తీసినవాడు 'నేను స్టిక్కర్ చేయలేదు' అంటాడు, చేసినవాడు 'నేను తీయలేదు' అంటాడు. అందరూ తమ వంతు మాత్రమే లెక్కేసుకుంటారు. ఆ అబ్బాయి ఫోనుకు మాత్రం వంతు రాదు, మొత్తం వస్తుంది. తన నవ్వు పదకొండోదో ఇరవయ్యోదో పెట్టినవాడికి గుర్తుండదు, కానీ అవతల అవన్నీ కలిపి చదివేవాడు ఒకడు ఉన్నాడు.

"వాడూ నవ్వాడు కదా" అన్నది ఇంకో జవాబు. గ్రూపు నుంచి బయటికి వెళ్తే "ఫీలయ్యాడ్రా" అని మరో స్టిక్కర్ పుడుతుంది. కోప్పడితే ఇంకోటి. నవ్వడం తప్ప అతనికి మిగిలిన దారేది? స్నేహితుల వేళాకోళంలో ఎదుటివాడు తిరిగి ఒక మాట అనగలడు, "చాల్లే అబ్బీ" అంటే అక్కడితో ఆగుతుంది. ఆపమంటే ఆగనిది సరదా కాదు. పైగా ఒకసారి పదిమంది ఫోన్లలో సేవ్ అయిన స్టిక్కర్‌ను చేసినవాడే వెనక్కి తీసుకోలేడు. గ్రూపులో డిలీట్ చేసినా అది వాళ్ల దగ్గరే ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది చూసి ఊరుకున్నవాళ్ల సంగతి. వాళ్లు దుర్మార్గులు కాదు. 1968లో అమెరికాలో డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. వేర్వేరు గదుల్లో కూర్చున్న విద్యార్థులకు ఇంటర్‌కమ్‌లో ఎవరికో ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ఆగకముందే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవారిలో 31 మందే కదిలారు. కదలనివాళ్లకు జాలి లేక కాదు, చాలామంది చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఎవరో ఒకరు చూస్తారులే అన్న భరోసాయే వాళ్లను కూర్చోబెట్టింది. వాట్సాప్ గ్రూపు కూడా ఒకరి ముఖం ఒకరికి కనబడని గదే.

అలాగని గ్రూపులో అందరినీ ఎదిరించమని పదహారేళ్ల పిల్లలను అడగం. తర్వాతి స్టిక్కర్ వాళ్లదే అవుతుందన్న టెన్షన్ నిజమైనది. "చూశాను, నాకు నచ్చలేదు, రేపు నా పక్కన కూర్చో" అని ఆ అబ్బాయికి విడిగా ఒక మెసేజ్ పెట్టవచ్చు. స్టిక్కర్ చేసినవాడికి దగ్గరి స్నేహితుడైతే అతనికి విడిగా చెప్పవచ్చు. మందిలో చెబితే మొండికేసేవాడు ఒంటరిగా వింటాడు. గ్రూప్ అడ్మిన్‌కు మాత్రం ఇంత వెసులుబాటు లేదు. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్‌ను శిక్షించలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది నిజమే. కానీ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేసే బటన్ అతని చేతిలో ఉంది. చేతిలో ఉన్నది వాడకపోవడం కూడా అతని నిర్ణయమే.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి, చెబితే ఫోన్ లాగేసుకుంటారన్న భయం ఒక పెద్ద కారణం. దెబ్బ తిన్నవాడికే శిక్ష పడినట్టవుతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తర్వాత వాడితో కలిసే లెక్చరర్ దగ్గరికి వెళ్లండి.

ఇక స్టిక్కర్ చేసినవాడు క్షమాపణ చెప్పాలనుకుంటే, హాస్టల్ మెట్ల దగ్గర చెవిలో చెబితే సరిపోదు. అరవై మంది ముందు నవ్వించాడు కనుక ఆ గ్రూపులోనే చెప్పాలి. ఏం చేశాడో పేరు పెట్టి చెప్పాలి, అందరూ దాన్ని తీసేయమని అడగాలి. ఆ అబ్బాయి "పర్లేదులే" అనకపోయినా నొచ్చుకోకూడదు.